అయిదో నిమిషంలో స్ప్రే ఎవరు కొట్టాలి?

"మా పాపకి అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. ఎమర్జెన్సీ అయితే బ్యాగులో స్ప్రే ఉంది, వాడండి. థ్యాంక్యూ మేడం."

డేకేర్‌కి తల్లులు పంపే వాట్సాప్ సందేశం చాలాసార్లు ఇంతే ఉంటుంది. రాసిన తల్లికి ఇందులో అన్నీ చెప్పేసినట్టే ఉంటుంది, ఎందుకంటే మిగతాదంతా ఆమె మనసులో ఉంది. చదివిన ఆయమ్మకి మాత్రం ఏమీ తెలియదు. ఎప్పుడు ఎమర్జెన్సీ అనుకోవాలి? ఎన్నిసార్లు నొక్కాలి? ఒక ముక్కులోనా, రెండింట్లోనా? కొట్టాక పిల్ల పలక్కపోతే? ఏదైనా అయితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది? జవాబులు తెలియని మనిషి అలాంటప్పుడు చేసేది ఒక్కటే. తల్లికి ఫోన్ కలిపి, ఆమె ఎత్తేదాకా చూస్తూ కూర్చుంటుంది. తల్లి మీటింగ్‌లో ఉంటుంది. ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది.

ఫిట్స్ ఆపే మందు డేకేర్‌లో ఉంచమని అడిగే ఉత్తరం నిజానికి మందు గురించి కాదు. నిర్ణయం ఎవరిది అన్నదాని గురించి. ఆయమ్మ ఆలోచించాల్సిన పని ఏమీ మిగలకుండా, గడియారం చూసి, రాసింది చేస్తే చాలు అనేట్టు ఉంటే అది పనికొచ్చే ఉత్తరం. అలాంటిది రాయాలంటే తల్లికి ముందు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

హైదరాబాద్‌లో అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లు. పాపకి రెండేళ్ళు, బరువు 12 కిలోలు. పద్నాలుగో నెలలో జ్వరంతో మొదటిసారి ఫిట్స్ వచ్చి 20 నిమిషాలు ఆగలేదు, ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాకే తగ్గింది. తర్వాత మరోసారి ఇంట్లోనే వచ్చింది. అప్పటికి డాక్టరు రాసిచ్చిన ముక్కు స్ప్రే ఉంది కనక అయిదు నిమిషాలు చూసి కొట్టారు, కాసేపటికి ఆగిపోయింది. ఇప్పుడు తల్లి పాపని డేకేర్‌లో చేర్పించింది.

ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో జ్వరంతో ఫిట్స్ రావడం అరుదేమీ కాదు. ఎక్కువమందిలో అది రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతుంది, ఏ మందూ అక్కర్లేదు. ఒకసారి వచ్చిన పిల్లల్లో సుమారు మూడోవంతు మందికి మళ్ళీ వస్తుంది. మొదటిసారే చాలాసేపు సాగిన పిల్లల్లో మళ్ళీ వస్తే అదీ చాలాసేపు సాగే అవకాశం ఎక్కువ. అందుకే అందరికీ రాయని స్ప్రే ఈ పాపకి రాశారు.

డేకేర్ వాళ్ళు ముందు అనే మాట ఒకటుంది. "జ్వరం ఉన్న పిల్లల్ని మేం ఎలాగూ తీసుకోం కదమ్మా, ఇంక ఈ స్ప్రే ఎందుకు?" వినడానికి సబబుగానే ఉంది. చిక్కేమిటంటే, జ్వరం పైకి ఎక్కుతున్న మొదటి గంటల్లోనే ఫిట్స్ రావచ్చు. పొద్దున తొమ్మిదింటికి ఆడుకుంటూ వచ్చిన పిల్లకి పదకొండింటికి ఫిట్స్ వస్తే, అప్పుడు ముట్టుకుని చూసి గానీ ఒళ్ళు కాలుతోందని తెలియదు. జ్వరం మందు వేళకి పట్టిస్తే ఫిట్స్ రావన్న నమ్మకం కూడా ఉంది. పారాసిటమాల్ పిల్లకి ఊరటనిస్తుంది, పట్టించాల్సిందే. కానీ అది ఫిట్స్‌ని అడ్డుకుంటుందని దాని మీద భరోసా పెట్టుకోకూడదు.

ఇక అయిదు నిమిషాల లెక్క. ఆగకుండా సాగే ఫిట్స్‌ని ఒకప్పుడు 30 నిమిషాలు దాటితేనే ప్రమాదకరమైన స్థితిగా లెక్కేసేవారు. మూర్ఛ వ్యాధి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంస్థ 2015లో రెండు గీతలు గీసింది. కాళ్ళూ చేతులూ కొట్టుకునే రకం ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే దానంతటది ఆగే అవకాశం తగ్గుతుంది కనక అప్పుడు మందు మొదలెట్టాలి. అరగంట దాటితే దీర్ఘకాలం మిగిలే నష్టం జరగొచ్చు. మందు అయిదో నిమిషంలోనే ఎందుకంటే దాని వెనక మెదడు పనితీరు ఉంది. నరకణాల ఉద్రేకాన్ని చల్లార్చే గాబా అనే రసాయనం మన మెదడులో ఉంటుంది. అది వచ్చి అతుక్కునే చోట్లు కణం పైపొర మీద ఉంటాయి. స్ప్రేలో ఉండే మిడజోలామ్ కూడా ఆ చోట్లనే పట్టుకుని గాబాకి బలం ఇస్తుంది. ఫిట్స్ సాగుతున్నకొద్దీ ఆ చోట్లు పైపొర మీద నుంచి కణం లోపలికి జారిపోతూ ఉంటాయి. అంటే అదే మందు, అదే మోతాదు, అయిదో నిమిషంలో పనిచేసినంతగా ఇరవయ్యో నిమిషంలో పనిచేయకపోవచ్చు. ఊళ్ళో ఎంత పెద్ద ఆస్పత్రి ఉన్నా సాయంత్రం ట్రాఫిక్‌లో అయిదు నిమిషాల్లో అందదు. అందుకే ఆస్పత్రికి తీసుకెళ్ళడం స్ప్రేకి బదులు కాదు, స్ప్రే తర్వాత చేసే పని.

మరీ ముందే కొట్టేస్తే? ఒకటిన్నర నిమిషంలో ఆగిపోయే ఫిట్స్‌కి మత్తు మందు అనవసరంగా ఇచ్చినట్టవుతుంది. ఆ మందు అసలు వచ్చింది ఆపరేషన్ల ముందు మత్తు కోసమే. పిల్ల గాఢంగా నిద్రపోతుంది, కొందరిలో ఊపిరి నెమ్మదించవచ్చు. మోతాదు మించితే ఆ భయం ఇంకా ఎక్కువ. ఆయమ్మల భయమంతా ఇక్కడే. ఆ భయం న్యాయమైనదే. దాన్ని "ఏం కాదులే" అని కొట్టిపారేసే తల్లి మాట వాళ్ళు వినరు, వినకూడదు కూడా.

మన తల్లి ఉత్తరం ఎలా మొదలుపెట్టిందో చూడండి.

"మేడం గారికి నమస్కారం. మా పాపకి జ్వరంతో ఫిట్స్ వచ్చే అవకాశం ఉంది. ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. ఫిట్స్ వచ్చినప్పుడు పాప కళ్ళు పైకి తేలిపోతాయి, ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, తర్వాత కాళ్ళూ చేతులూ రెండు వైపులా కొట్టుకుంటాయి, పిలిస్తే పలకదు, పెదాలు కొంచెం నీలంగా మారతాయి. పెదాలు నీలంగా మారాయని కంగారుపడి స్ప్రే కొట్టొద్దు. గడియారం చూడండి. అయిదు నిమిషాలు నిండాకే స్ప్రే."

ఫిట్స్ అంటే ఏమిటో కాదు, తన పాప ఫిట్స్ ఎలా ఉంటుందో రాసింది చూశారా, అది ముఖ్యం. డేకేర్ వయసు పిల్లల్లో ఫిట్స్ అనిపించేవి ఇంకో రెండున్నాయి. చలిజ్వరంతో వణికే పిల్ల వణుకుతూనే మన వైపు చూస్తుంది, పిలిస్తే పలుకుతుంది. ఫిట్స్‌లో చెయ్యి మెత్తగా పట్టుకున్నా కొట్టుకోవడం ఆగదు, చూపు మన మీద నిలవదు. రెండోది, బొమ్మ లాక్కున్నారని గుక్కపెట్టి ఏడ్చి ఊపిరి బిగబట్టే పిల్లలు. ముఖం నీలమై వాలిపోతారు, ఒక్కోసారి నాలుగు క్షణాలు అదురుతారు కూడా. కానీ దానికి ముందు ఏడుపు ఉంటుంది, ఒక నిమిషం లోపే తేరుకుంటారు. ఈ రెండింటికీ స్ప్రే అక్కర్లేదు. అయిదు నిమిషాల నియమం గట్టిగా పాటిస్తే ఇలాంటి పొరపాట్లు తగ్గుతాయి.

ఫిట్స్ ఆగిందో లేదో తెలుసుకోవడం కష్టమైన సంగతి. కొట్టుకోవడం ఆగి, కళ్ళు మూసుకుని, ఒళ్ళు వదులై, ఊపిరి నిదానంగా ఆడుతుంటే ఆగినట్టు. కొట్టుకోవడం తగ్గినా కళ్ళు తెరుచుకునే ఉండి ఒక పక్కకే నిలిచిపోతే, పెదవి మూలో వేలో ఇంకా అదురుతుంటే అది లోపల సాగుతూనే ఉందని అర్థం. ఆయమ్మలు ఇక్కడే మోసపోతారు. "తగ్గిపోయిందమ్మా, కళ్ళు తెరిచింది" అంటారు. అందుకే మన తల్లి ఒక వాక్యం కలిపింది: "కళ్ళు తెరిచి ఉండి పలకకపోతే తగ్గినట్టు కాదు."

నిద్ర గది సంగతి కూడా రాసింది. మధ్యాహ్నం పిల్లలంతా పడుకున్న వేళ ఆయమ్మ ఒక్కతే ఉంటుంది. ఫిట్స్ ఎప్పుడు మొదలైందో ఎవరూ చూడకపోవచ్చు. అప్పుడు అయిదు నిమిషాలు ఎక్కడ నుంచి లెక్కపెట్టాలి? ఈ ప్రశ్న తల్లి డాక్టర్నే అడిగింది. మొదలైన సమయం తెలియకపోతే చూసిన వెంటనే కొట్టమని ఆయన రాసిచ్చారు. ఉత్తరానికి జతచేసిన చీటీలో ఆ మాట ఆయన సంతకంతో ఉంది.

తర్వాత మోతాదు. ఉత్తరంలో ప్రమాదమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. ముక్కులో ఇచ్చే మిడజోలామ్‌కి వైద్యులు సాధారణంగా వేసే లెక్క కిలోకి 0.2 మిల్లీగ్రాములు. 12 కిలోల పాపకి 2.4. మన మందుల షాపుల్లో దొరికే స్ప్రేలు అన్నీ ఒకటి కావు. కొన్నింట్లో ఒక నొక్కుకి 0.5 మిల్లీగ్రాములు వస్తుంది. కొన్నింట్లో 1.25 వస్తుంది. మొదటి రకమైతే ఈ పాపకి అయిదు నొక్కులు, రెండో రకమైతే రెండే నొక్కులు, రెండింట్లోనూ వచ్చేది 2.5. ఇప్పుడు "అయిదుసార్లు కొట్టండి" అని మాత్రమే రాసి, పాత సీసా అయిపోయి రెండో రకం సీసా పంపిస్తే పాపకి 6.25 మిల్లీగ్రాములు పడుతుంది, అంటే ఇవ్వాల్సినదానికి రెండున్నర రెట్లు. "రెండుసార్లు" అని రాసి మొదటి రకం సీసా పంపిస్తే పడేది 1 మిల్లీగ్రామే. ఫిట్స్ ఆగదు, మందు పనిచేయలేదనుకుంటారు. కాబట్టి నొక్కుల సంఖ్య పక్కన సీసా మీద ఉన్న బలం తప్పకుండా ఉండాలి. మన తల్లి ఇలా రాసింది:

"సీసా మీద ఒక నొక్కుకి 0.5 మిల్లీగ్రాములు అని ఉంటుంది. నేను దాని చుట్టూ పసుపు టేపు అంటించాను. పసుపు టేపు ఉన్న సీసాతో అయిదు నొక్కులు: ఒక ముక్కులో మూడు, రెండో ముక్కులో రెండు. టేపు లేని సీసా ఎవరిచ్చినా, నేనిచ్చినా సరే, వాడొద్దు."

ఈ అంకెలు ఈ పాపవి. మరో పిల్లకి మరో లెక్క, అది వాళ్ళ డాక్టరే రాయాలి.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. బ్రిటన్‌లో ఈ మందుని పిల్లలకి ఎక్కువగా చెంపకీ చిగురుకీ మధ్య పోస్తారు. అది సూది లేని సిరంజిలో ముందే నింపి వస్తుంది, వయసుకో రంగు. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి నీలం రంగు సిరంజి, దాంట్లో 5 మిల్లీగ్రాములు. మన లెక్కకన్నా అంకె పెద్దదిగా ఉందని కంగారుపడకండి, దారి వేరు, లెక్క వేరు, ఒకదాని మోతాదు ఇంకోదానికి వాడకూడదు. అమెరికాలో 1997 నుంచి మలద్వారంలోకి ఎక్కించే డయాజిపామ్ జెల్ ఉంది. ఆ సిరంజి మీద మోతాదుని ఫార్మసిస్టే తిప్పి బిగించి ఇస్తాడు, బిగించినట్టు ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. రెండు చోట్లా డేకేర్ మనిషి లెక్కపెట్టేది ఏమీ లేదు, ఉన్నదంతా ఇచ్చేయడమే. మన దగ్గర ఎక్కువగా దొరికేది చాలా మోతాదులు పట్టే సీసా, నొక్కులు లెక్కపెట్టాలి. అక్కడ ప్యాకింగ్ చేసే పనిని ఇక్కడ తల్లి ఉత్తరం చేయాల్సి వస్తోంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న చెల్లెలు పంపిన నమూనా ఫారం చూసి దాన్నే ఇక్కడ ఇచ్చే తల్లులకి ఈ తేడా తెలియాలి.

అసలు స్ప్రే కొట్టడం చూడ్డానికి సులువే. అయినా నాలుగు చోట్ల తప్పుతుంది. నెలల తరబడి కదపని సీసాలో గొట్టం ఎండిపోయి ఉంటుంది. మొదటి ఒకటి రెండు నొక్కులకి గాలే వస్తుంది, ఆ గాలినీ లెక్కలో కలిపేస్తారు. కాబట్టి ముందు పక్కకి తిప్పి నొక్కి, సన్నటి తుంపర కనిపించాకే ముక్కులో పెట్టి, పైకి వినపడేలా ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. రెండో తప్పు, పడుకున్న పిల్ల మీదికి వంగి సీసాని తలకిందులు చేయడం. లోపలి గొట్టం మందులోంచి పైకి తేలిపోతే మళ్ళీ గాలే. సీసా వీలైనంత నిటారుగా ఉండాలి, పిల్ల తల కొంచెం ఎత్తినా ఫర్వాలేదు. మూడోది జలుబు. జ్వరం వచ్చిన పసిపిల్ల ముక్కు కారకుండా ఉండటం అరుదు. చీమిడి మీద కొట్టిన మందు లోపలి పొరని తాకదు, కారిపోతుంది. ముందు గుడ్డతో తుడవాలి. రెండు ముక్కులూ పూర్తిగా మూసుకుపోతే ఏం చేయాలో డాక్టరు చీటీలో ముందే ఉండాలి. నాలుగోది, తుమ్మింది కదా అని మళ్ళీ కొట్టడం. ఈ మందు ముక్కులో మంట పుట్టిస్తుంది, గొంతులోకి దిగితే చేదు. తుమ్మినా, మూలిగినా రెండో మోతాదు లేదు. మన తల్లి ఉత్తరంలో ఆ వాక్యం కింద గీత గీసింది: "రెండోసారి కొట్టొద్దు. రెండోసారి ఇచ్చేది ఆస్పత్రిలోనే."

ఈ మందులో ఒక తమాషా ఉంది. సీసాలో ఆమ్లం కలిసిన నీళ్ళలో ఇది చక్కగా కరిగి ఉంటుంది. ఒంట్లోకి వెళ్ళగానే, ఆ ఆమ్లం లేకపోయేసరికి దీని అణువు తన రూపం మార్చుకుని కొవ్వులో కరిగేదిగా మారిపోతుంది, మెదడు పొరల్ని సులువుగా దాటేస్తుంది. రక్తనాళం దొరకబుచ్చుకోకుండానే, ముక్కులో కొట్టిన తుంపర నిమిషాల్లో పనిచేయడానికి కారణం అదే. ముక్కులో మంటకి కారణం కూడా ఆ ఆమ్లమే.

మందు ఎక్కడ ఉంచాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. చాలా డేకేర్‌లలో మందులన్నీ అలమరలో పెట్టి తాళం వేస్తారు, తాళంచెవి ఇన్‌ఛార్జి దగ్గర ఉంటుంది. ఇన్‌ఛార్జి బ్యాంకుకి వెళ్ళిన రోజున ఆ తాళం ఎవరు తీస్తారు? పిల్లలకి అందని ఎత్తులో, తాళం లేని పెట్టెలో, పాప ఉండే గదిలోనే ఉంచమని మన తల్లి అడిగింది. పాప బ్యాగులో మాత్రం వద్దంది. ఇంకో పిల్ల తీసి నోట్లో పెట్టుకోవచ్చు, సాయంత్రం బ్యాగుతోపాటు ఇంటికొచ్చి మర్నాడు మర్చిపోవచ్చు. ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ తగలకూడదు.

ఉత్తరంలో తర్వాతి భాగం ఏం చేయకూడదో చెప్పేది. తెలుగు నేల మీద ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాలగుత్తి పెట్టనివాళ్ళు తక్కువ. ఇనుము పట్టుకుంటే ఆగుతుందని నమ్మకం. ఉల్లిపాయ వాసన చూపిస్తారు, పళ్ళ మధ్య చెంచా దూరుస్తారు, ముఖాన నీళ్ళు కొడతారు. చాలా ఫిట్స్ రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి కనక ఆ ఖ్యాతి తాళాలకి దక్కింది. ఇనుము వల్ల హాని లేదు, అది వెతుక్కుంటూ గడియారం చూడకపోవడం హాని. చెంచా వల్ల మాత్రం నిజంగానే పళ్ళు విరుగుతాయి, విరిగిన ముక్క గొంతులోకి పోవచ్చు. మన తల్లి ఆయమ్మ నమ్మకాన్ని ఎగతాళి చేయలేదు. "నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు పట్టొద్దు, కాళ్ళూ చేతులూ గట్టిగా నొక్కి పట్టొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లోంచి వచ్చే నురగ బయటికి కారిపోతుంది" అని రాసి ఊరుకుంది.

ఈ ఉత్తరం పట్టుకుని తల్లి ఇన్‌ఛార్జి ముందు కూర్చుంది.

"అమ్మా, మా దగ్గర నర్సు లేదు. రేపు ఏమన్నా అయితే పోలీసు కేసు నా మీద పడుతుంది కదా?"

"అందుకే మేడం, సంతకాలు పెట్టి తెచ్చాం. ఇది డాక్టర్ గారి చీటీ, ఇది మా ఇద్దరి అనుమతి."

ఆ కాగితం విలువ ఎంతో తెలుసుకోవడం మంచిది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 27వ సెక్షన్ ఒకటుంది, పాత శిక్షాస్మృతిలో అది 89. పన్నెండేళ్ళ లోపు పిల్లల మేలు కోసం, వాళ్ళ సంరక్షకుల అనుమతితో, సదుద్దేశంతో చేసిన పని వల్ల హాని జరిగితే, కొన్ని మినహాయింపులకి లోబడి, అది నేరం కాదని దాని సారాంశం. అనుమతి మాటల్లోనైనా ఉండొచ్చు, కానీ రేపు చూపించడానికి కాగితమే పనికొస్తుంది. ఇది డేకేర్‌కి ధైర్యాన్నిస్తుంది కానీ డేకేర్‌ని బలవంతపెట్టదు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు డేకేర్‌లకీ వర్తిస్తుంది, ఇలాంటి పిల్లల కోసం తమ పద్ధతుల్లో సబబైన మార్పులు చేయాల్సిన బాధ్యత వాళ్ళమీద ఉంటుంది. మన దగ్గర ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకి క్రెష్ ఉండాలంది, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చంది. స్ప్రే ఎవరు కొట్టాలన్నది అందులో లేదు. కాబట్టి వీధి చివర డేకేర్ ఒప్పుకునేది చట్టానికి భయపడి కాదు, తల్లి చెప్పింది అర్థమై, నమ్మకం కుదిరి.

ఇన్‌ఛార్జికి కుదిరింది. ఆయమ్మకి కుదరలేదు.

"నేను కొట్టాక పాప లేవకపోతే ఎట్టమ్మా?"

ఇది ఉత్తరం తీర్చే భయం కాదు. తల్లి గడువు తీరిన పాత సీసాని కడిగి, నీళ్ళు నింపి తెచ్చింది. ఆయమ్మ చేత బొమ్మ ముక్కులో అయిదుసార్లు కొట్టించింది, సీసా వంచితే గాలి ఎలా వస్తుందో చూపించింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఎక్కడుందో చూపించింది. ఇంట్లో స్ప్రే కొట్టినప్పుడు పాప గంటకి పైగా పడుకుందని, ఊపిరి బాగానే ఆడిందని చెప్పింది. "పడుకోవడం మందు పని చేయడమే. పక్కనే కూర్చుని పొట్ట పైకీ కిందకీ కదులుతోందో లేదో చూడు. పూర్తిగా లేచేదాకా నీళ్ళు కూడా వద్దు." పోయేముందు ఆ నీళ్ళ సీసాని తనతోపాటు ఇంటికి పట్టుకుపోయింది. అది అలమరలో ఉండిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గోడకి అంటించే పేజీ మాత్రం ఉత్తరం కాదు. సగం పేజీ, పెద్ద అక్షరాలు, తెలుగులో. యాజమాన్యానికి ఇంగ్లీషులో రాసుకున్నా ఫర్వాలేదు, పిల్లని పట్టుకునే చేతులు చదివేది తెలుగు. ఆ పేజీ ఒక రోజు ఎలా పనిచేస్తుందో చూడండి. 11:40కి పాప బిగుసుకుపోయింది. చూసిన ఆయమ్మ పక్కకి తిప్పి పడుకోబెట్టి సమయం పైకి చెప్పింది. రెండో ఆయమ్మ ఆ సమయాన్ని గోడ మీది పేజీలోనే రాసి, స్ప్రే తెచ్చి మూత తీసి పట్టుకుంది. మూత తీయడం ముందే, కొట్టడం అయిదో నిమిషంలోనే. 11:42కి ఆగిపోయి ఉంటే మూత పెట్టేసి తల్లికి ఫోన్ చేసేవాళ్ళు. ఆగలేదు. 11:45కి ముక్కు తుడిచి, తుంపర చూసుకుని, మూడు, రెండు. ఇన్‌ఛార్జి 108కి ఫోన్ చేసింది, ఆ తర్వాతే తల్లికి. ఈ వరస తల్లే రాసిచ్చింది, తన ఫోన్ ముందుండాలని ఆమె పట్టుబట్టలేదు. 11:48కి కొట్టుకోవడం ఆగింది, కళ్ళు మూతపడ్డాయి. ఆగినా అంబులెన్స్‌ని వద్దనలేదు, ఎందుకంటే మందు పడ్డాక ఊపిరిని తెలిసినవాళ్ళు ఒకసారి చూడాలి, జ్వరం దేనివల్లో కూడా తేలాలి. 11:50కి కూడా ఆగకపోతే అంబులెన్స్ కోసం ఎదురుచూడకుండా దగ్గరి ఆస్పత్రికి వెళ్ళాలని, ఆ ఆస్పత్రి పేరుతో సహా పేజీలో ఉంది. గోడ మీది కాగితం ఆంబులెన్స్ వాళ్ళ వెంట వెళ్ళింది. అందులో పాప బరువు, ఇచ్చిన మందు, మోతాదు, ఇచ్చిన సమయం ఉన్నాయి. ఆస్పత్రిలో తర్వాతి మందు లెక్కకట్టేది వాటిని బట్టే.

మందు ఇంకోటి కొనడం కూడా తల్లి పనే. మిడజోలామ్ హెచ్1 షెడ్యూల్ మందు, షాపువాడు చీటీ చూసి వేరే రిజిస్టర్‌లో రాసుకుని అమ్మాలి. అన్ని షాపుల్లో ఉండదు. ఒకసారి వాడాక ఆ సాయంత్రమే పరుగెత్తకుండా, ఇంట్లో ఒకటి, డేకేర్‌లో ఒకటి మొదటినుంచీ ఉంచుకోవాలి. రెండూ ఒకే బలం ఉన్నవి కావాలి.

మన తల్లి ఉత్తరం చివర ఒక తేదీ వేసింది. ఆరు నెలల తర్వాత ఇది చెల్లదు, కొత్తది ఇస్తానని రాసింది. పాప 14 కిలోలు అయితే లెక్క 2.8 అవుతుంది, నొక్కుల సంఖ్య డాక్టరు మళ్ళీ చూడాలి. సీసా గడువు తీరుతుంది. నేర్చుకున్న ఆయమ్మ మానేసి ఇంకొకామె వస్తుంది, ఆమె బొమ్మ ముక్కులో మళ్ళీ కొట్టి చూడాలి. జ్వరం ఫిట్స్ చాలామంది పిల్లల్లో అయిదారేళ్ళకి పోతాయి కానీ ఆలోపే పాప ఎల్‌కేజీలో చేరుతుంది. అప్పుడు ఉత్తరం ఇంకో చోటికి, ఇంకొకరి పేరున రాయాలి. స్కూలు వ్యాన్‌లో కూర్చునే ఆయా పేరు కూడా అందులో ఉండాలి, రోజూ నలభై నిమిషాలు పాప ఆమె దగ్గరే ఉంటుంది కనక.